నాలుగు గదుల చిట్టి గుండె: నిద్రవేళ కథ, దాని గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ కథ ఏ వయసు పిల్లలకు? ఎంతసేపు పడుతుంది?

నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు. ఆపకుండా చెబితే అయిదు నిమిషాలు. మధ్యలో ప్రశ్నలు మొదలైతే అరగంట, ప్రశ్నలు తప్పకుండా మొదలవుతాయి.

నేను గుండెకు ఎకో పరీక్షలు చేసే ఉద్యోగంలో ఉన్నాను. రోజంతా చీకటి గదిలో కూర్చుని, తెర మీద చిన్న చిన్న రెక్కలు తెరుచుకోవడం, మూసుకోవడం చూస్తుంటాను. మా పాపకు నాలుగేళ్లున్నప్పుడు ఒక రాత్రి "పొద్దున్నుంచి ఏం చూస్తావమ్మా అక్కడ?" అని అడిగింది. "తలుపులు" అన్నాను. అక్కడ మొదలైంది ఈ కథ. తరువాత పరీక్షకు వచ్చే పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు చెబుతూ వచ్చాను. వాళ్లు అడిగినవాటిలో మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలే కింద ఉన్నాయి.

ముందు కథ చెప్పండి.

అనగనగా ఒక చిట్టి గుండె. ఎంత చిట్టిది? నీ పిడికిలి బిగించు చూద్దాం. ఆ, అంతే ఉంటుంది.

ఆ గుండెలో నాలుగు గదులు. మేడ మీద రెండు, కింద రెండు. మధ్యలో ఒక పెద్ద గోడ. గోడకు అటు ఇటు రెండు ఇళ్లు ఉన్నట్టన్నమాట. ఆ గోడకు కిటికీ లేదు, కన్నం లేదు.

ఒక ఎర్రబొట్టు ఉండేది. నీ కాలి బొటనవేలి దాకా వెళ్లి, అక్కడ తన గాలి మూట ఇచ్చేసి, ఖాళీ చేతులతో తిరిగి వచ్చింది. అలసిపోయి ముదురు ఎరుపుగా మారిపోయింది. కుడివైపు మేడగదిలోకి మెల్లగా జారింది. ఆ గదిలోకి రావడానికి తలుపు లేదు, ఎవరైనా రావచ్చు. కిందికి దిగే చోట మాత్రం ఒక తలుపుంది. మూడు రెక్కల తలుపు.

"తలుపు తీయండి!" అంది ఎర్రబొట్టు. ఎవరూ పలకలేదు. కాపలావాడు లేడు. గొళ్లెం లేదు, తాళం లేదు. ఇంతలో వెనక నుంచి ఇంకో బొట్టు వచ్చింది. దాని వెనక ఇంకోటి. "కొంచెం జరుగు, కొంచెం జరుగు" అంటూ అన్నీ ఒకదాన్నొకటి ఆనుకున్నాయి. ఆ బరువుకే రెక్కలు కిందికి తెరుచుకున్నాయి. బొట్లన్నీ జర్రున జారి కింది గదిలో పడ్డాయి.

కింది గది నిండింది. నిండగానే దాని గోడలు నీ పిడికిలిలా బిగుసుకున్నాయి. "అమ్మో, ఇరుకు!" అని బొట్లు వచ్చిన దారినే పైకి పరుగెత్తబోయాయి. వాటి తోపుకే మూడు రెక్కలూ వచ్చి ఒకదానికొకటి అతుక్కున్నాయి. లబ్!

ఇక వెనక్కి దారి లేదు. పక్కన చూస్తే ఇంకో తలుపు. మూడు చిన్న జేబులు కుట్టినట్టుంది. తోశాయి, తెరుచుకుంది. అందరూ బయటికి దూకారు. దూకిన వాళ్లలో కొందరు వెనక్కి జారబోయి ఆ జేబుల్లో పడ్డారు. జేబులు నిండి ఉబ్బి ఒకదానికొకటి ఆనుకున్నాయి. డబ్!

అక్కడి నుంచి గాలి ఊరు. గాలి ఊరంటే నీ ఊపిరితిత్తులు. ఊపిరి పీల్చు ఒకసారి. ఆ గాలిలోంచి ఎర్రబొట్టు ఒక మూట కట్టుకుంది. ఒళ్లంతా నిగనిగలాడే ఎరుపు. ఇప్పుడు ఎడమవైపు మేడగదికి వచ్చింది. ఇక్కడి తలుపుకు రెండే రెక్కలు. తోసింది, దిగింది. కింది గదికి వచ్చేసరికి ఆశ్చర్యపోయింది. గోడలు ఎంత లావుగా ఉన్నాయో! కుడివైపు గది గోడలకు మూడింతలు. "ఎందుకింత లావు?" అని అడిగింది. "ఇక్కడి నుంచి నిన్ను తల దాకా, కాళ్ల దాకా విసరాలి కదా" అంది గది. అంటూనే బిగుసుకుంది. వెనక రెండు రెక్కల తలుపు, లబ్! ముందు జేబుల తలుపు తెరుచుకుంది. ఎర్రబొట్టు దూకింది. వెనక డబ్!

ఈసారి ఎక్కడికి వెళ్లిందంటావు? నువ్వే చెప్పు.

కథలో బొట్లు తోస్తే తలుపులు తెరుచుకున్నాయి. నిజంగా అంతేనా? గుండె వాటిని తెరవదా?

నిజంగా అంతే. ఈ కథలో నేను ఎవరినీ మార్చనివ్వని వాక్యం ఏదైనా ఉంటే అది "కాపలావాడు లేడు" అన్నదే.

చాలామంది పెద్దవాళ్లు కవాటాలను తెరిచి మూసే కండరం ఏదో ఉందనుకుంటారు. రెక్కలను కదిలించే కండరం లేదు. అవి పలచటి, మెత్తటి, గట్టి పొరలు. జేబుల తలుపుల రెక్కలైతే చాలాచోట్ల మిల్లీమీటరు మందం కూడా ఉండవు. మేడకూ కిందికీ మధ్య తలుపులు పై గదిలో ఒత్తిడి ఎక్కువైతే కిందికి తెరుచుకుంటాయి, కింది గదిలో ఎక్కువైతే మూసుకుంటాయి. కండరమంతా గది గోడల్లో ఉంది. గోడ పిండుతుంది, రక్తం తోస్తుంది, తలుపు ఆ తోపుకు లొంగుతుంది.

దీన్ని మంచం మీదే చూపించవచ్చు. మీ రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి, వేళ్లను ఏటవాలుగా కిందికి దించి కొసలు కలపండి. గరాటులా ఉంటుంది. పిల్లను పైనుంచి చెయ్యి దూర్చమనండి. వేళ్లు విడిపోయి చెయ్యి దిగిపోతుంది. ఇప్పుడు కింది నుంచి పిడికిలితో తోయమనండి. ఎంత తోస్తే వేళ్లు అంత దగ్గరగా వచ్చి బిగుసుకుంటాయి. మా పాప ఈ ఆటను ఒక రాత్రి ఇరవైసార్లు ఆడించింది. చివరికి తనే అంది: "అది తోసేవాళ్ల మీదే కోపంగా మూసుకుంటోంది." అంతకంటే బాగా నేను ఏ శిక్షణలోనూ వినలేదు.

కింది నుంచి మరీ గట్టిగా తోస్తే వేళ్లు పైకి మడతపడుతున్నాయి. గుండెలో కూడా అలా జరుగుతుందా?

ఈ ప్రశ్న అడిగిన పిల్లకు ముద్దు పెట్టండి. గుండెలో అలా జరగకుండా చూసేవి దారాలు. కథ మొదటిసారి చెప్పేటప్పుడు వీటిని వదిలేస్తాను. రెండో రాత్రికి దాచుకుంటాను.

పెద్ద గాలి వీచినప్పుడు గొడుగు ఎలా తిరగబడుతుందో పిల్లలకు తెలుసు. మేడకూ కిందికీ మధ్య ఉన్న రెండు తలుపులకూ ఆ ప్రమాదం ఉంది. కింది గది బిగుసుకున్నప్పుడు వచ్చే తోపుకు రెక్కలు మూసుకోవడంతో ఆగకుండా, పై గదిలోకి తిరగబడాలి. అలా కాకుండా వాటి అంచుల నుంచి తెల్లటి గట్టి దారాలు కింది గదిలోకి దిగి ఉంటాయి. ఆ దారాల కొసలు గోడ నుంచి పొడుచుకు వచ్చిన చిన్న కండరపు మొటిమలకు కట్టి ఉంటాయి. గది గోడ బిగుసుకున్నప్పుడే ఆ మొటిమలు కూడా బిగుసుకుని దారాలను పట్టి ఉంచుతాయి. గాలిపటం దారాన్ని బిగించి పట్టుకున్నట్టు.

ఇక్కడ ఒక తప్పు తరచుగా వింటాను: "దారాలు లాగితే తలుపు తెరుచుకుంటుంది" అని, లేదా "దారాలు లాగితే మూసుకుంటుంది" అని. రెండూ కాదు. తెరిచేదీ మూసేదీ రక్తమే. మూసుకున్న రెక్క మూసుకున్నచోటే నిలబడేలా చూడడం దారాల పని. పెద్దవాళ్లలో ఒక్కోసారి ఒక దారం తెగుతుంది. ఎకో తెర మీద అది వెంటనే తెలిసిపోతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ రెక్క అంచు పై గదిలోకి తిరగబడి, కొస జెండాలా అల్లల్లాడుతుంది, పక్కనుంచి రక్తం వెనక్కి చిమ్ముతుంది. ఒక్క దారం ఎంత పని చేస్తోందో అది తెగినప్పుడే కనబడుతుంది. పిల్లలకు మాత్రం తెగే సంగతి చెప్పను. రాత్రిపూట అనవసరం.

మరి జేబుల తలుపులకు దారాలు లేవేం?

వాటికి అవసరం లేదు. జేబు నిండితే దాని పొట్ట పక్క జేబు పొట్టకు ఆనుకుంటుంది. మూడూ ఒకదాన్నొకటి మోసుకుంటాయి. మూడు జేబులు గుండ్రంగా కుట్టి ఉండడం వల్లే ఇది సాధ్యం. పైగా అవి గది బిగుసుకున్నప్పుడు కాదు, వదులైనప్పుడు మూసుకుంటాయి. బయటికి వెళ్లిన రక్తం వెనక్కి జారే తోపును మాత్రం ఆపితే చాలు.

లెక్కలంటే ఇష్టమున్న పిల్లలకు రెక్కలు లెక్కపెట్టించండి. కుడివైపు మూడు, మూడు. ఎడమవైపు రెండు, మూడు. మొత్తం 11. నాలుగు తలుపుల్లో రెండు రెక్కలది ఒక్కటే.

లబ్, డబ్ అనేవి తలుపులు తెరుచుకునే చప్పుళ్లా, మూసుకునేవా?

మూసుకునేవి. బాగున్న తలుపు తెరుచుకునేటప్పుడు చప్పుడు వినబడదు. మేడకూ కిందికీ మధ్య తలుపులు రెండూ దాదాపు ఒకేసారి మూసుకున్నప్పుడు లబ్. బయటికి వెళ్లే జేబుల తలుపులు రెండూ మూసుకున్నప్పుడు డబ్.

కథలో నేను కుడివైపు ఒక లబ్, ఎడమవైపు ఒక లబ్ వేరువేరుగా చెప్పాను, ఎందుకంటే మనం ఒకే బొట్టు వెంట నడుస్తున్నాం. నిజానికి మేడగదులు రెండూ కలిసి బిగుసుకుంటాయి, వెంటనే కింది గదులు రెండూ కలిసి బిగుసుకుంటాయి. నాలుగు గదులూ ఒకదాని తరువాత ఒకటి వంతులేసుకుని కొట్టుకోవు. మన బొట్టు కుడివైపు లబ్ దగ్గర ఉన్నప్పుడు, గోడకు అవతల వేరే బొట్టు ఎడమవైపు లబ్ దగ్గర ఉంటుంది. ఆరేడేళ్ల పిల్లలకు ఈ సంగతి చెప్పవచ్చు, "గోడకు అవతల నీలాంటిదే ఇంకో బొట్టు" అంటే చాలా ఇష్టపడతారు.

చప్పుడు గురించి ఇంకో మాట. పలచటి రెక్కలు చప్పట్లు కొట్టినట్టు కొట్టుకుంటే అంత శబ్దం రాదు. కొళాయిని చటుక్కున కట్టేస్తే గోడలోని గొట్టం ధడ్‌మని అదురుతుంది చూడండి, అదీ విషయం. తలుపు మూసుకోగానే పరుగెత్తే రక్తం ఒక్కసారి ఆగుతుంది. ఆ ఆగడంతో రక్తం, రెక్కలు, గోడలు అన్నీ అదురుతాయి. మన చెవికి అందేది ఆ అదురు. పిల్లకు "తలుపు మూసుకున్న చప్పుడు" అంటే సరిపోతుంది, అది అబద్ధం కాదు.

ఇంట్లో వినాలంటే ఏం చేయాలి?

గట్టి కాగితాన్ని గొట్టంలా చుట్టండి. ఒక కొస మీ ఛాతీ మీద, ఇంకో కొస పిల్ల చెవికి. 1816లో ఫ్రాన్స్‌లో రెనే లెనెక్ అనే వైద్యుడు కాగితాల దస్తాను చుట్టి రోగి గుండె విన్నాడు. స్టెతస్కోప్ అలా పుట్టింది. కాబట్టి మీరు చేసేది ఆట మాత్రమే కాదు.

ఎక్కడ పెట్టాలో కూడా తేడా ఉంది. ఎడమవైపు రొమ్ము కింద, గుండె కొన తగిలే చోట లబ్ గట్టిగా వినబడుతుంది. ఛాతీ మధ్య ఎముక పైభాగానికి అటు ఇటు డబ్ గట్టిగా ఉంటుంది. ఏ తలుపు ఎక్కడ మోగుతుందో పిల్ల చెవితోనే కనిపెట్టగలదు. లబ్‌కూ డబ్‌కూ మధ్య విరామం చిన్నది, అప్పుడు కింది గదులు పిండుతున్నాయి. డబ్ తరువాత మళ్లీ లబ్ దాకా విరామం పెద్దది, అప్పుడు నిండుతున్నాయి. మీ గుండెలో ఈ తేడా తేలిగ్గా తెలుస్తుంది. పిల్ల గుండె నిమిషానికి 100 సార్లకు అటూ ఇటూగా కొట్టుకుంటుంది కాబట్టి పెద్ద విరామం కూడా చిన్నదైపోతుంది. అందుకే ముందు మీ గుండెను వినమనండి, తరువాత దాని గుండెను.

మేడగదుల్లోకి వచ్చే దారికి తలుపు ఎందుకు లేదు? రక్తం వెనక్కి పోదా?

కొద్దిగా పోతుంది, పోయినా నష్టం లేదు. మేడగదుల గోడలు పలచన, వాటి పిండుడు తేలిక. అసలు కింది గదిలోకి దిగే రక్తంలో ఎక్కువ భాగం మేడగది పిండకముందే, తలుపు తెరుచుకోగానే తనంతట తాను జారిపోతుంది. మేడగది చివర్లో చేసేది అడుగున మిగిలినదాన్ని ఊడ్చి పంపడమే. అంత తేలిక పనికి వెనక తలుపు అక్కరలేదు. ఒక గదికి ఒక తలుపు, అది ఎప్పుడూ బయటికి వెళ్లే వైపే. నాలుగు గదులకు నాలుగు తలుపులు ఎలా సరిపోయాయో ఈ ఒక్క మాటతో గుర్తుంటుంది.

పుస్తకాల్లో కుడివైపు రక్తం నీలంగా వేస్తారు. మీరు ముదురు ఎరుపు అన్నారు.

నీలం బొమ్మల సౌకర్యం. రక్తం ఎప్పుడూ ఎరుపే.

నేను అమ్మ పొట్టలో ఉన్నప్పుడు కూడా నాలుగు తలుపులేనా?

మా పాప ప్రశ్న ఇది, మాటలు కూడా తనవే. జవాబు: అప్పుడు ఇంకో తలుపు ఉండేది.

"గోడకు కిటికీ లేదు, కన్నం లేదు" అని కథ మొదట్లో చెప్పాను కదా. పుట్టకముందు మేడగదుల మధ్య గోడకు ఒక కన్నం ఉంటుంది, దానికి ఎడమవైపు నుంచి ఒక పలచటి తెర వేలాడుతుంటుంది. కడుపులో ఉన్న బిడ్డ ఊపిరితిత్తులతో గాలి పీల్చదు. గాలి మూటలు అమ్మ దగ్గరి నుంచే బొడ్డుతాడు గుండా వస్తాయి. కాబట్టి బొట్లన్నీ గాలి ఊరికి వెళ్లే పని లేదు. చాలా బొట్లు కుడి మేడగది నుంచి ఆ తెరను తోసుకుని నేరుగా ఎడమ మేడగదికి దాటేస్తాయి.

బిడ్డ పుట్టి కేరుమన్నప్పుడు ఊపిరితిత్తులు గాలితో విచ్చుకుంటాయి. రక్తం ఒక్కసారిగా అటు పరుగెత్తి, అక్కడి నుంచి ఎడమ మేడగదికి వచ్చి పడుతుంది. ఇప్పుడు తోపు ఎడమవైపు ఎక్కువ. తెర వెళ్లి గోడకు అతుక్కుంటుంది. ఇక్కడా కాపలావాడు లేడు. అతుక్కున్న తెర చాలామందిలో కొన్ని నెలల్లో గోడలో కలిసిపోతుంది. దాదాపు నలుగురిలో ఒకరికి పూర్తిగా అతుక్కోదు. ఎక్కువమందికి దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు, ఉందని కూడా తెలియదు.

"అయితే నేను ఏడ్చి తలుపు మూశానా?" అంది మా పాప. అవును, అన్నాను. ఆ మాట చాలా రోజులు అందరికీ గర్వంగా చెప్పుకుంది.

డాక్టరు మా బాబు గుండెలో "మర్మర్" ఉందన్నారు. అంటే తలుపు పాడైనట్టేనా?

కానక్కరలేదు. మర్మర్ అంటే లబ్ డబ్‌ల మధ్య వినబడే "హుష్" లాంటి శబ్దం. పిల్లల ఛాతీ పలచన, గుండె చెవికి దగ్గర, రక్తం వేగం ఎక్కువ. తలుపులన్నీ బాగున్న పిల్లల్లో కూడా ఆ పారే చప్పుడు చాలామందికి వినబడుతుంది. జ్వరం వచ్చినప్పుడు ఇంకా గట్టిగా ఉంటుంది, పడుకుంటే ఒకలా, లేచి కూర్చుంటే ఇంకోలా మారుతుంది. దీన్ని నిరపాయమైన మర్మర్ అంటారు. వయసుతో పాటు ఎక్కువమందిలో వినబడడం మానేస్తుంది.

తలుపు నిజంగా పాడవడం రెండు రకాలు. సరిగ్గా తెరుచుకోకపోవడం ఒకటి, సరిగ్గా మూసుకోకపోవడం రెండోది. రెండింటిలోనూ రక్తం సన్నని సందులోంచి చిమ్ముతుంది కాబట్టి హుష్ వస్తుంది. ఏ హుష్ ఏదో ఆ శబ్దం ఎక్కడ, ఎప్పుడు వినబడుతోందన్న దాన్ని బట్టి డాక్టరు అంచనా వేస్తారు, అవసరమైతే ఎకో రాస్తారు. పసిపిల్ల పాలు తాగుతూ ఆయాసపడి చెమటలు పట్టడం, బరువు పెరగకపోవడం, పెదవులు నీలంగా మారడం, ఆడుతూ స్పృహ తప్పడం, ఇవి ఉంటే ఆగకూడదు, ఆ రోజే చూపించాలి.

నిజంగానే తలుపులో లోపం ఉన్న పిల్లకు ఈ కథ చెప్పవచ్చా? భయపడదా?

చెప్పవచ్చు. కథను కొంచెం మార్చాలి. ఎలా మార్చానో ఒక పిల్లవాడి సంగతితో చెబుతాను.

వాడికి ఆరేళ్లు. కుడివైపు జేబుల తలుపులో లోపం. మూడు జేబుల అంచులు పుట్టుకతోనే కొంతమేర ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తలుపు పూర్తిగా తెరుచుకోక, మధ్యలో చిన్న రంధ్రంలా మిగిలింది. తెర మీద చూస్తే రెక్కలు తెరుచుకోకుండా గుమ్మటంలా పైకి ఉబ్బుతున్నాయి. ఆ సందులోంచి రక్తం పిచికారీలా చిమ్ముతోంది. అంత గట్టిగా తోసీ తోసీ కుడి కింది గది గోడ లావెక్కింది. వ్యాయామం చేసిన కండలా. బెలూను వేసి తెరవాలని డాక్టర్లు నిర్ణయించారు.

వాడి భయం ఒక్కటే. "నా గుండె కోస్తారా?" అని. నేను వాడికి కథ మొత్తం చెప్పి, చివర్లో ఇలా అన్నాను: "నీ ఎర్రబొట్టు కుడివైపు జేబుల తలుపు దగ్గర ఇరుక్కుంటోంది. దానికి సాయం చేయడానికి ఒక సన్నటి గొట్టం వస్తుంది. ఆ గొట్టం కూడా బొట్టు వచ్చిన దారినే వస్తుంది."

ఇది ఓదార్పు కోసం అల్లిన మాట కాదు. తొడ పైభాగంలో ఉన్న సిర లోంచి గొట్టాన్ని ఎక్కిస్తారు. అది కుడి మేడగదికి వస్తుంది, ఆ గదికి తలుపు లేదు. మూడు రెక్కల తలుపు తెరుచుకున్నప్పుడు దాటి కింది గదిలోకి దిగుతుంది. అక్కడి నుంచి మలుపు తిరిగి జేబుల తలుపు మధ్యకు చేరుతుంది. గొట్టం కొసన ముడుచుకుని ఉన్న బెలూనును కొన్ని క్షణాలు ఉబ్బించి, మళ్లీ ముడిచేస్తారు. అతుక్కున్న అంచులు విడిపోతాయి. ఛాతీ కోయనక్కరలేదు. పిల్లవాడు మత్తులో నిద్రపోతుంటాడు.

వాడు కాసేపు ఆలోచించి, "బెలూను ఉబ్బినప్పుడు బొట్లు ఎలా వెళ్తాయి?" అన్నాడు. వెళ్లవు. అందుకే కొన్ని క్షణాల్లో ముడిచేస్తారు. ఆ ప్రశ్న వాడు అడిగాడంటే తలుపు సంగతి వాడికి అర్థమైందని తెలిసింది.

తరువాత చేసిన ఎకోలో జేబులు బాగా విచ్చుకుంటున్నాయి. కొద్దిగా కారుతున్నాయి కూడా. బెలూను తరువాత అది మామూలే, ఆ పక్క ఒత్తిడి తక్కువ కాబట్టి కొద్దిపాటి కారడాన్ని గుండె తట్టుకుంటుంది, కానీ ఏళ్ల తరబడి చూపించుకుంటూ ఉండాలి. వాడి అమ్మకు ఈ ముక్క స్పష్టంగా చెప్పాను. వాడికి మాత్రం "మీ జేబు కొంచెం చిల్లిగా ఉంది, చూస్తూ ఉంటాం" అన్నాను. ఎగిరి గంతేశాడు. చిల్లు జేబు అన్న మాట వాడికి భలే నచ్చింది.

చెప్పకూడనిది ఒకటుంది. "నీ గుండె పాడైంది" అనవద్దు. ఏ తలుపు, ఏ వైపు, సరిగ్గా తెరుచుకోవట్లేదా, సరిగ్గా మూసుకోవట్లేదా, అంతవరకే చెప్పండి. ఇల్లు మొత్తం కూలిందనుకునే పిల్లకూ, ఒక తలుపు బిర్రుగా ఉందని తెలిసిన పిల్లకూ నిద్రలో చాలా తేడా ఉంటుంది.

పాత తలుపు తీసేసి కొత్తది పెడతారా?

పెడతారు. కార్బన్, లోహం వంటివాటితో చేసినవి, జంతువుల కణజాలంతో చేసినవి ఉన్నాయి. పిల్లల్లో వీలైనంతవరకు సొంత తలుపునే బాగుచేయాలని చూస్తారు, ఎందుకంటే పిల్ల పెరుగుతుంది, పెట్టిన తలుపు పెరగదు. పిల్లలకు నచ్చేది తొలినాటి తలుపు కథ. 1960లో ఆల్బర్ట్ స్టార్ అనే శస్త్రవైద్యుడు, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు కలిసి తయారుచేసిన కవాటానికి రెక్కలే లేవు. చిన్న పంజరంలో ఒక బంతి. రక్తం తోస్తే బంతి ముందుకు జరుగుతుంది, వెనక్కి వస్తే రంధ్రానికి మూతలా పడుతుంది. రూపం వేరు, సూత్రం మన ఎర్రబొట్టుదే.

బడిలో చెప్పే పేర్లు కూడా కథలోనే నేర్పాలా?

అడిగితేనే. మేడగది కర్ణిక, కింది గది జఠరిక. కర్ణికలో కర్ణం, అంటే చెవి ఉంది, జఠరికలో జఠరం, అంటే పొట్ట ఉంది. చెవి పైన, పొట్ట కింద అని గుర్తుపెట్టుకోవచ్చు. ఇక కవాటం అన్న మాటకు అర్థమే తలుపు. రెండు రెక్కలది ద్విపత్ర కవాటం, డాక్టర్లు మిట్రల్ అంటారు. ఎదురుగా కుడివైపు మూడు రెక్కలది త్రిపత్ర కవాటం. జేబుల తలుపులు అర్ధచంద్రాకార కవాటాలు, ఒక్కో జేబు అంచు నెలవంకలా ఉంటుంది కాబట్టి.

"రాత్రి తలుపులు నిద్రపోతే?" అని ఏడిస్తే?

నిద్రపోవు, నెమ్మదిస్తాయి. రోజుకు లక్షకు పైగా సార్లు మూసుకునే తలుపులవి. నిద్రలో గుండె వేగం తగ్గుతుంది, డబ్ తరువాతి విరామం సాగుతుంది, గదులు తీరిగ్గా నిండుతాయి. ఏడుస్తున్న పిల్ల చెవిని మీ ఛాతీకి ఆనించి, ఆ పెద్ద విరామాన్ని లెక్కపెట్టించండి.

కథ మధ్యలోనే నిద్రపోతే?

ఎర్రబొట్టు ఏ గదిలో ఉందో గుర్తుపెట్టుకోండి. మరునాడు మీరు మరిచిపోయినా పిల్ల మరిచిపోదు. మా ఇంట్లో ఒకసారి వారం రోజులు వరుసగా గాలి ఊరి దాకా కూడా చేరలేదు. ఎనిమిదో రాత్రి పడుకోగానే మా పాప అంది: "ఇవాళ మొదటి నుంచి వద్దు. అది జేబుల తలుపు దగ్గరే ఉంది, తోయడం మొదలుపెట్టు."